హోటల్ రూంలో వైఫై కలుస్తుంది, ఇంటర్నెట్ రాదు. రిసెప్షన్‌కి మెయిల్ ఎలా రాయాలి?

లెక్కల_సుబ్బు | బుధవారం, సాయంత్రం 7:35

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో స్టాక్ ఆడిట్ ఉందని ఈ మధ్యాహ్నం 3 గంటలకి వచ్చి హోటల్లో దిగాను. మూడు రాత్రులు ఉండాలి. పగలంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు లెక్కపెట్టి, రాత్రి రూంలో కూర్చుని షీట్లు హెడాఫీసుకి పంపాలి. ఇక్కడే సమస్య.

వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే కలుస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. కానీ కింద `No internet, secured` అని వస్తుంది. ఒక్క పేజీ తెరుచుకోదు. రిసెప్షన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. ఒక కుర్రాడు వచ్చి, వరండాలో సీలింగ్‌కి ఉన్న తెల్ల డబ్బా ఆపి మళ్ళీ వేసి, తన ఫోన్ తీసి "మాకు వస్తుందండి" అని చూపించి వెళ్ళిపోయాడు. నిజంగానే అతని ఫోన్లో వస్తోంది! నా ల్యాప్‌టాపే పాడైందేమో అన్నట్టు చూశాడు.

ఫోన్లో చెబితే పని జరగడం లేదు కాబట్టి మెయిల్ పెడదామనుకుంటున్నాను. ఇదీ నేను రాసింది:

> "మీ హోటల్లో వైఫై అసలు పనిచేయడం లేదు. రెండుసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంత డబ్బు తీసుకుని ఇదేనా సర్వీసు? వెంటనే బాగుచేయకపోతే రివ్యూలో రాస్తాను."

మరీ ఘాటుగా ఉందా? ఎలా మార్చాలో చెప్పండి.

---

రూల్స్_రాజు | 7:41

ఘాటేం లేదు, ఇంకా మెత్తగానే ఉంది. రూం బుక్ చేసినప్పుడు "ఉచిత వైఫై" అని రాశారు కదా? ఆ స్క్రీన్‌షాట్ మెయిల్‌కి జత చేయండి. ఒక రాత్రి అద్దె తగ్గించమని అడగండి. గట్టిగా అడిగిన వాడికే ఇస్తారు.

---

కొబ్బరాకు | 7:48

మాకూ ఇదే గొడవండి. అమలాపురం దగ్గర మా ఇంట్లో మొన్న గాలి వేసినప్పటి నుంచి నెట్ లేదు. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంది. రెండుసార్లు ఆపి వేశాను. మీ రూంలో కూడా ఎర్ర లైటేనా?

---

పూతరేకు | 7:52

సుబ్బు గారూ, ఇది చాలా సింపుల్. డీఎన్ఎస్ సమస్య. వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డీఎన్ఎస్ దగ్గర `8.8.8.8` పెట్టండి. నాకు రావులపాలెంలో ఒక లాడ్జిలో ఇలాగే అయితే అది పెట్టగానే పరిగెత్తింది. మెయిల్ రాసే టైంలో ఈ పని అయిపోతుంది.

---

లెక్కల_సుబ్బు | 8:03

పెట్టాను పూతరేకు గారూ. ఏమీ మారలేదు. కొబ్బరాకు గారూ, వరండాలో డబ్బాకి నీలం లైటు ఉంది, ఎర్రది లేదు.

ఒక విచిత్రం. మా సీనియర్ మేడమ్ సోమవారమే వచ్చారు, మా పక్క రూమే. ఆవిడ ల్యాప్‌టాప్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. నా ఫోన్ కూడా కలిపి చూశాను. "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అంటూ కాసేపు తిరిగి వదిలేస్తుంది. అంటే నా ల్యాప్‌టాప్ ఒక్కదానిదే తప్పు కాదు కదా?

---

కేబుల్_బాబాయ్ | 8:14

కాదు. మీరు చివర్లో చెప్పిన రెండు మాటలూ మెయిల్ మొదట్లో ఉండాల్సినవి. మేడమ్ గారికి వస్తోంది, మీకు రావడం లేదు, మీ ఫోన్ అడ్రస్ దగ్గరే ఆగిపోతోంది. సగం జబ్బు దీన్లోనే తెలిసిపోయింది.

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టి, వచ్చిందాంట్లో వైఫై కింద ఉన్న ముక్క ఇక్కడ పెట్టండి:

```
ipconfig
```

ఇంకో రెండు ప్రశ్నలు. ఆఫీసు వీపీఎన్ ఏమైనా ఆన్‌లో ఉందా? హోటల్లో ఫంక్షన్ హాలు ఉందా?

---

లెక్కల_సుబ్బు | 8:21

వీపీఎన్ ఆపేశాను. ఇదిగోండి:

```
Autoconfiguration IPv4 Address. . : 169.254.83.12
Subnet Mask . . . . . . . . . . . : 255.255.0.0
Default Gateway . . . . . . . . . :
```

ఫంక్షన్ హాలు కింద ఉంది. మాఘమాసం కదా, నిన్న రాత్రి పెళ్ళట. ఇవాళ వేరే వాళ్ళ రిసెప్షన్. ఇప్పుడు కూడా కింద బ్యాండు మోగుతోంది. దానికీ దీనికీ సంబంధం ఏంటి బాబాయ్ గారూ?

---

కేబుల్_బాబాయ్ | 8:38

అదే అసలు సంబంధం. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి. పాలకొల్లు, తణుకు, భీమవరం వైపు లాడ్జిలకీ కల్యాణ మండపాలకీ లైన్లు వేసిన అనుభవంతో చెబుతున్నాను.

169.254తో మొదలయ్యే అడ్రస్ హోటల్ ఇచ్చింది కాదు. వైఫైకి కలిసిన ప్రతి మెషీనూ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని రౌటర్‌ని అడుగుతుంది. ఎవరూ పలక్కపోతే విండోస్ తనకి తానే 169.254 అడ్రస్ ఒకటి పెట్టేసుకుని కూర్చుంటుంది. కింద గేట్‌వే గడి ఖాళీగా ఉంది చూశారా? బయటికి దారే తెలియదు. అందుకే పూతరేకు చెప్పిన డీఎన్ఎస్ ఇక్కడ పనిచేయదు. ఊరు దాటడానికి వంతెనే లేనప్పుడు అవతలి ఒడ్డున ఉన్న వాడి చిరునామా తెలిసి ఏం లాభం? ఆయన లాడ్జిలో మాత్రం అడ్రస్ వచ్చి ఉంటుంది, పేర్లు వెతకడం దగ్గర ఆగి ఉంటుంది. ఆ కేసుకి ఆ మందు సరైనదే.

ఇప్పుడు రౌటర్ మీకెందుకు పలకలేదు? వరండా డబ్బాకి కింది నుంచి వచ్చే వైరు తెగినా ఇలాగే అవుతుంది. కానీ పక్క రూములో మేడమ్ గారు కూడా చాలావరకు అదే డబ్బా మీద ఉంటారు, ఆవిడకి వస్తోంది. కాబట్టి వైరు బాగానే ఉందనుకోవచ్చు. ఇక మిగిలింది ఒకటే, రౌటర్ దగ్గర ఇవ్వడానికి అడ్రస్‌లు అయిపోవడం.

చిన్న హోటళ్ళలో చాలా చోట్ల ఇంటికి వాడే రకం రౌటరే పెడతారు. అది వచ్చినప్పటి సెట్టింగే ఉంచేస్తారు. ఉదాహరణకి 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా, అంటే 100 అడ్రస్‌లు. ఒక్కొక్కటీ 24 గంటలకి ఇస్తుంది. 40 రూములకి మామూలు రోజుల్లో అది ఎలాగోలా సరిపోతుంది. నిన్న పెళ్ళికి వచ్చిన వాళ్ళలో వందమంది పాస్‌వర్డ్ అడిగి ఫోన్లు కలుపుకున్నారనుకోండి. భోజనం చేసి, తాంబూలం తీసుకుని అర్ధరాత్రికి ఊళ్ళకి వెళ్ళిపోయారు. కానీ రౌటర్ లెక్కలో వాళ్ళింకా హోటల్లోనే ఉన్నారు! 24 గంటలు నిండేదాకా ఆ అడ్రస్ ఇంకొకరికి ఇవ్వదు. ఇవాళ సాయంత్రం నుంచి నిన్నటివి ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే, పెళ్ళి రిసెప్షన్‌కి వచ్చిన వాళ్ళు ఎత్తుకుపోతుంటారు.

మేడమ్ గారు పెళ్ళికి ముందే వచ్చారు. ఆవిడ మెషీన్ గడువు సగం అయ్యేసరికల్లా పాత అడ్రస్సే పొడిగించుకుంటుంది కాబట్టి పోలేదు. హోటల్ కుర్రాడి ఫోన్ రోజూ అక్కడే ఉంటుంది, వాడికీ అంతే. "మాకు వస్తుందండి" అని అతను చెప్పింది నిజమే. పాత వాళ్ళకి వస్తుంది, కొత్తగా వచ్చిన వాళ్ళకి రాదు. అతను ఆపి వేసిన డబ్బా అడ్రస్‌లు ఇచ్చేది కాదు, సిగ్నల్ ఇచ్చేది మాత్రమే. అందుకే ఏమీ మారలేదు.

---

పూతరేకు | 8:47

బాబాయ్ గారూ, ఒప్పుకున్నాను. అలాగైతే అడ్రస్ మనమే చేత్తో పెట్టేసుకోవచ్చు కదా? సుబ్బు గారూ, మేడమ్ గారి ల్యాప్‌టాప్‌లో గేట్‌వే చూసి, మీ దాంట్లో 192.168.1.150 లాంటిది పెట్టండి. రౌటర్‌ని బతిమాలే పనే ఉండదు.

---

నర్సాపురం_లేసు | 8:52

సుబ్బు గారూ, నేను ఆరేళ్ళు హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో పనిచేశాను, మీరిప్పుడు దిగిన ఆ జిల్లాలోనే. మీ మెయిల్ చూస్తే డెస్క్‌లో ఏం జరుగుతుందో చెబుతాను.

మెయిల్ వచ్చే పెట్టె ఒక్కటే. బుకింగ్ సైట్ల కన్ఫర్మేషన్లు, కంపెనీల బిల్లుల గొడవలు, పెళ్ళివాళ్ళ గదుల లిస్టులు అన్నీ అందులోకే వస్తాయి. రాత్రి డ్యూటీ అబ్బాయి మధ్యమధ్యలో చూస్తాడు. మీ మెయిల్లో రూం నంబరు లేదు, ఎప్పటి నుంచో లేదు, ఏం చేయాలో లేదు. ఉన్నది రివ్యూ బెదిరింపు ఒక్కటే. అది చూడగానే ఆ అబ్బాయి "మేనేజర్ గారు పొద్దున్న చూస్తారు" అని పక్కన పెడతాడు. ఎందుకంటే రివ్యూకి జవాబివ్వడం అతని పని కాదు. భయంతో కాదు, నిజంగానే అతని చేతిలో ఉన్నదేమీ మీరు అడగలేదు.

వైఫై చూసే మనిషి హోటల్లో ఉండడు. ఊళ్ళో ఎవరో ఒకతను నాలుగైదు హోటళ్ళకి చూస్తుంటాడు. డెస్క్ అబ్బాయి మీ మెయిల్‌ని ఫోటో తీసి అతనికి వాట్సాప్‌లో పంపుతాడు. అందుకని మెయిల్ రెండు ముక్కలుగా రాయండి. పైన డెస్క్ కోసం నాలుగు లైన్లు, కింద ఆ టెక్నీషియన్ కోసం నాలుగు లైన్లు. కింద ముక్క డెస్క్ వాళ్ళకి అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఫార్వర్డ్ చేస్తే చాలు. తెలుగులోనే రాయండి, తొందరగా చదువుతారు. స్క్రీన్ మీద కనపడే మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెట్టండి.

ఇంకో మాట. పంపాక రిసెప్షన్‌కి ఫోన్ చేసి "ఇప్పుడే మెయిల్ పెట్టానండి, ఒకసారి చూడండి" అనండి. లేకపోతే పొద్దుటిదాకా ఎవరూ తెరవరు.

---

రూల్స్_రాజు | 8:58

మరి అద్దె తగ్గింపు? అది రాయకుండా ఎలా?

---

నర్సాపురం_లేసు | 9:04

రాత్రి డెస్క్‌కి అద్దె తగ్గించే అధికారం ఉండదు రాజు గారూ. నెట్ బాగుచేయమనీ డబ్బు వెనక్కివ్వమనీ ఒకే మెయిల్లో అడిగితే మొత్తం మేనేజర్ దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది, రెండూ ఆలస్యమవుతాయి. డబ్బు సంగతి ఖాళీ చేసేటప్పుడు వేరే అడగవచ్చు. ఈ మెయిల్ అప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది.

---

రూల్స్_రాజు | 9:06

నేనైతే మొదటి మెయిల్లోనే అడుగుతాను. ఆలస్యం చేస్తే "అప్పుడు చెప్పలేదేం" అంటారు. ఎవరి అనుభవం వారిది.

---

లెక్కల_సుబ్బు | 9:27

పూతరేకు గారి మాట విని 150 పెట్టాను. గేట్‌వే మేడమ్ ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 అని చూశాను. 9:10కి నెట్ వచ్చేసింది! ఎగిరి గంతేశాను. రెండు షీట్లు కూడా వెళ్ళాయి. 9:22కి ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని ఏదో మెసేజ్ వచ్చింది, నెట్ పోయింది. మళ్ళీ మొదటికొచ్చాం.

---

కేబుల్_బాబాయ్ | 9:36

అయ్యో, నేను వద్దని రాసేలోపే చేసేశారు. 150 అనేది రౌటర్ ఎవరికో రాసిచ్చేసిన ఇల్లు. ఆ ఫోన్ మనిషి కాసేపు బయటికి వెళ్ళి ఉంటాడు, మీరు తలుపు తీసుకుని కూర్చున్నారు. అతను తిరిగి వచ్చాడు. ఇప్పుడు మీకూ రాదు, అతనికీ సరిగ్గా రాదు. కింద ఎవరో పెళ్ళికొడుకు ఫోటోలు పంపలేక తిట్టుకుంటూ ఉంటారు.

వెంటనే తీసేసి, అడ్రస్ మళ్ళీ ఆటోమేటిక్‌కి, డీఎన్ఎస్ కూడా ఆటోమేటిక్‌కి పెట్టండి. చేత్తో పెట్టింది అలాగే వదిలేస్తే రేపు హోటల్ వాళ్ళు బాగుచేసినా మీకు రాదు. ఇంకెక్కడికైనా వెళ్ళినా రాదు, అప్పుడు మళ్ళీ ఇక్కడే పోస్టు పెడతారు.

కానీ పూతరేకు మీద కోపం లేదు. ఆయన ప్రయోగం వల్ల ఒక మంచి సంగతి తేలింది. చేత్తో అడ్రస్ పెడితే నెట్ వచ్చిందంటే బయటి లైన్ బాగుంది, వరండా డబ్బా బాగుంది, మీ ల్యాప్‌టాప్ బాగుంది. అడ్రస్ ఇచ్చే పని ఒక్కటే ఆగింది. మెయిల్లో పెట్టడానికి ఇంతకన్నా గట్టి ముక్క లేదు. చేత్తో పెట్టానని ఒప్పుకుని, తీసేశానని కూడా రాయండి. దాచితే టెక్నీషియన్ రెండు ఫోన్లకి ఒకే అడ్రస్ చూసి వేరే దారిలో వెతుకుతాడు.

ఆటోమేటిక్‌కి మార్చాక ఇది కొట్టి, ఏమొస్తుందో చూడండి. ఓ నిమిషం పట్టవచ్చు:

```
ipconfig /renew
```

---

లెక్కల_సుబ్బు | 9:44

`unable to contact your DHCP server. Request has timed out.` అని వచ్చింది.

మెయిల్లో రూం మార్చమని అడగనా? పై అంతస్తులో ఖాళీ ఉందన్నారు.

---

కేబుల్_బాబాయ్ | 9:49

DHCP అంటే ఆ అడ్రస్‌లు ఇచ్చే పనే. ఆ లైను ఉన్నది ఉన్నట్టు మెయిల్లో పెట్టండి. చూడగానే వైఫై మనిషికి ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది.

రూం మార్చుకుంటే లాభం లేదు. అడ్రస్‌లు ఇచ్చేది అన్ని అంతస్తులకీ ఒకటే రౌటర్ అయి ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న కేసులో రూం మార్పు మంచి మందు, ఇక్కడ కాదు. పెట్టె మోసుకుని పైకెక్కి మళ్ళీ అదే 169.254 చూస్తారు. రిసెప్షన్ దగ్గర వైరు పెట్టుకున్నా, ఆ వైరు అదే రౌటర్‌ది అయితే అదే కథ.

---

నర్సాపురం_లేసు | 9:55

వాళ్ళ స్టాఫ్ వైఫై మాత్రం అడగకండి. బిల్లింగ్ కంప్యూటర్ అందులో ఉంటుంది, ఇవ్వకూడదు. ఇచ్చే హోటల్ అయితే నాకు ఇంకా భయం.

డెస్క్ అబ్బాయి చేయగలిగిన పరీక్ష ఒకటి అడగండి. ఇంతవరకూ ఆ వైఫైకి కలపని ఫోన్ ఒకటి తెప్పించి కలిపి చూడమనండి. వంట మనిషిదో, వాచ్‌మన్‌దో. అప్పుడు "మాకు వస్తుందండి" అనే మాట ఆగిపోతుంది.

---

లెక్కల_సుబ్బు | 10:12

తిరగరాశాను. చూడండి. నెట్ లేదు కాబట్టి ఫోన్ డేటాతో బాల్కనీలోంచి పంపాలి, రోజుకి 2 జీబీ ప్యాక్‌లో ఇప్పటికే సగం అయిపోయింది. హోటల్ పేరు ఇక్కడ తీసేశాను.

> సబ్జెక్ట్: రూం 3__ : వైఫై కలుస్తోంది, ఇంటర్నెట్ రావడం లేదు (బుధవారం మధ్యాహ్నం 3 నుంచి)
>
> రిసెప్షన్ వారికి నమస్కారం.
>
> ఈ మధ్యాహ్నం 3 గంటలకి రూం తీసుకున్నాను. శనివారం ఉదయం వరకు ఉంటాను. గెస్ట్ వైఫైకి నా ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ కలుపుతుంటే రెండింటిలోనూ ఇంటర్నెట్ రావడం లేదు. పక్క రూములో సోమవారం దిగిన మా మేడమ్ గారికి వస్తోంది. మీ సిబ్బంది వచ్చి వరండాలో డబ్బా ఆపి వేశారు, మార్పు లేదు.
>
> మీ నుంచి కావలసింది: 1) ఇంతవరకూ ఈ వైఫైకి కలపని ఫోన్ ఒకటి ఇప్పుడు కలిపి చూడండి. 2) కింద రాసింది మీ వైఫై చూసే వారికి ఈ రాత్రే పంపండి. రేపు సాయంత్రం 6 లోపు సరిచేస్తే నా పని ఆగదు. కుదరకపోతే ముందే చెప్పండి, వేరే ఏర్పాటు చేసుకుంటాను.
>
> వైఫై చూసే వారికి: ల్యాప్‌టాప్‌కి 169.254.83.12 వస్తోంది, గేట్‌వే ఖాళీ. `ipconfig /renew` కొడితే `unable to contact your DHCP server` అంటోంది. రాత్రి 9:10కి 192.168.1.150 చేత్తో పెడితే ఇంటర్నెట్ వచ్చింది, 9:22కి అడ్రస్ తగాదా వచ్చి పోయింది. అది తీసేశాను, ఇప్పుడు ఆటోమేటిక్‌లో ఉంది. నిన్నా ఇవాళా ఫంక్షన్ హాలులో జనం ఎక్కువ. అడ్రస్‌లు అయిపోయాయేమో, గడువు ఎన్ని గంటలు పెట్టారో చూడగలరు. నా ల్యాప్‌టాప్ ఫిజికల్ అడ్రస్ చివర 7C-1E.
>
> ఫోన్ చేయవలసి వస్తే రాత్రి 11 వరకు, పొద్దున్న 6 నుంచి మెలకువగా ఉంటాను.

---

కేబుల్_బాబాయ్ | 10:20

బాగుంది. "అయిపోయాయేమో" అని అనుమానంగా రాశారు చూడండి, అది మంచి పని. "మీ అడ్రస్‌ల గుంపు చిన్నది" అని తీర్పు ఇచ్చి ఉంటే అతనికి చిర్రెత్తేది. మనం చూసింది లక్షణాలే, లోపల లిస్టు చూడలేదు. రౌటర్‌లో అడ్రస్‌లిచ్చే సర్వీసే ఆగిపోయి ఉండవచ్చు కూడా. దానికీ ఇవే లక్షణాలు.

---

రూల్స్_రాజు | 10:24

అద్దె సంగతి లేదు. సరే, మీ ఇష్టం.

---

కొబ్బరాకు | 10:31

బాబాయ్ గారూ, నాకు కూడా 169 వస్తుందేమో చూడమంటారా? ఎర్ర లైటు ఇంకా ఉంది.

---

లెక్కల_సుబ్బు | గురువారం, రాత్రి 8:50

నిన్న 10:30కి పంపి, లేసు గారు చెప్పినట్టు ఫోన్ చేశాను. డెస్క్ అబ్బాయి నేను లైన్లో ఉండగానే తెరిచాడు. వాచ్‌మన్ ఫోన్ కలిపి చూశారట. రాలేదు. "అవునండీ, కొత్త ఫోన్‌కి రావట్లేదండి" అని అతనే ఆశ్చర్యపోయాడు.

పొద్దున్న 7:15కి టెక్నీషియన్ నాకే ఫోన్ చేశాడు. ఊళ్ళోనే ఉంటాడు, మంచి కుర్రాడు. రౌటర్ తెరిచి చూస్తే 100 నుంచి 199 దాకా అన్నీ ఇచ్చేసి ఉన్నాయట. 100కి 100! గడువు 24 గంటలే. లిస్టు ఖాళీ చేసి, గడువు 2 గంటలకి తగ్గించాడు. నేను ప్లాంటుకి బయల్దేరేలోపు నా ల్యాప్‌టాప్‌కి 192.168.1.137 వచ్చింది. నెట్ వచ్చింది.

బాబాయ్ గారికి ఈ లోకంలో ఎక్కడున్నా పులస పులుసు పెట్టాలి. సీజన్ కాదంటే బొమ్మిడాయిలతో సరిపెట్టుకోవాలి.

---

కేబుల్_బాబాయ్ | 9:05

మాఘంలో పులస ఎక్కడ దొరుకుతుంది సుబ్బు గారూ, వరద నీరు రావాలి. బొమ్మిడాయిలకి సిద్ధం.

ఆ కుర్రాడు లిస్టు ఖాళీ చేయడం తెలివైన పని. గడువు మాత్రమే తగ్గించి వదిలేస్తే అప్పటికే 24 గంటలకి ఇచ్చినవి అలాగే ఉండేవి, ఇవాళ సాయంత్రానికి మళ్ళీ మీరు నన్ను తిట్టేవారు. కానీ ఇది పూర్తి వైద్యం కాదు. పెద్ద పెళ్ళిలో ఒకే గంటలో 150 ఫోన్లు కలిస్తే 2 గంటల గడువైనా 100 అడ్రస్‌లు చాలవు. హాలుకి వేరే వైఫై పేరు, వేరే అడ్రస్‌ల గుంపు పెట్టాలి. లేదా రౌటర్ మాస్క్ 255.255.254.0కి మార్చి, అడ్రస్‌ల వరసని కూడా పొడిగిస్తే 500 దాకా వస్తాయి, కానీ ఆ చవక రౌటర్ అన్ని ఫోన్లని మోయగలదో లేదో చెప్పలేను. వేరే వైఫై పేరే నాకిష్టం. యజమాని ఖర్చు పెడతాడా లేదా అన్నది ఆ కుర్రాడు చూసుకోవాలి.

---

నర్సాపురం_లేసు | 9:12

డెస్క్ అబ్బాయికి థ్యాంక్స్ మెయిల్ ఒకటి పెట్టండి, మేనేజర్‌కి కూడా కాపీ. ఆ రాత్రి డ్యూటీలో అతను పడ్డ శ్రమ అలాగే కనిపిస్తుంది.

---

లెక్కల_సుబ్బు | శుక్రవారం, రాత్రి 9:40

థ్యాంక్స్ మెయిల్ పెట్టాను. కానీ ఇవాళ ఇంకో వింత. 8:15కి కరెంట్ పోయింది. హోటల్ ఇన్వర్టర్ మీదకి వెళ్ళింది, లైట్లు ఉన్నాయి, వైఫై గీతలు ఉన్నాయి. నెట్ లేదు. ఇంతకీ మొన్నటి జబ్బే తిరగబడిందా అని `ipconfig` చూస్తే ఈసారి 192.168.1.137 అలాగే ఉంది, గేట్‌వే ఉంది. గేట్‌వేకి పింగ్ కొడితే జవాబు వస్తోంది. `ping 8.8.8.8` మాత్రం రావడం లేదు. కరెంట్ వచ్చిన ఐదు నిమిషాలకి నెట్ వచ్చేసింది.

---

కేబుల్_బాబాయ్ | 9:52

ఇది వేరే జబ్బు. వరండా డబ్బాలూ రౌటరూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, బయటి నుంచి ఫైబర్ వచ్చి పడే డబ్బా ఆ ప్లగ్గు మీద లేదు అనుకుంటున్నాను. లేకపోతే వీధిలో ఆపరేటర్ పెట్టిన పెట్టెకే బ్యాటరీ లేదు. మొదటిదైతే రిసెప్షన్‌లో ఒక ప్లగ్గు మార్చితే అయిపోతుంది. రెండోదైతే హోటల్ చేతిలో లేదు. కరెంట్ పోయినప్పుడు ఆ ఫైబర్ డబ్బా లైట్లు వెలుగుతున్నాయో ఆరిపోయాయో డెస్క్ వాళ్ళే చూసి చెప్పాలి.

---

లెక్కల_సుబ్బు | 9:58

రేపు పొద్దున్న 8కి ఖాళీ చేస్తున్నాను. వెళ్ళేటప్పుడు రెండు లైన్లు రాసి ఇస్తాను. నేను చూడలేను కానీ తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. అద్దె తగ్గింపు అడగలేదు రాజు గారూ, అడిగి ఉండాల్సిందేమో ఇప్పటికీ తెలియదు.

---

కొబ్బరాకు | 10:15

మా ఎర్ర లైటు సంగతి ఎవరూ చెప్పలేదండి.

---

కేబుల్_బాబాయ్ | 10:19

మీది ఆ LOS లైటైతే ఫైబర్లో వెలుగు రావడం లేదని. గాలికి కొబ్బరి మట్ట ఏదో పడి వైరు తెగి ఉంటుంది. మీరు ఎన్నిసార్లు ఆపి వేసినా రాదు, వైరు అతికించే మనిషి రావాలి. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "LOS ఎర్రగా ఉంది" అనండి, అంతే చాలు. వైరు ఎక్కడ వేలాడుతోందో మీ చెట్ల కింద ఒకసారి చూసి పెట్టండి, చేత్తో మాత్రం ముట్టుకోకండి.